చికెన్ అమ్మకాల్లో ఏది పండగ ప్రభావం, ఏది అసలు తేడా: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగైదు బ్రాంచిలున్న చికెన్ షాపులకు రోజువారీ అమ్మకాలు చూసే వాళ్లను, వాళ్లకు అలర్ట్ సిస్టమ్ రాసిపెట్టే ప్రోగ్రామర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఇది. చికెన్‌నే ఎందుకు తీసుకున్నానంటే, మన దగ్గర వారానికీ తిథికీ ఇంతగా కట్టుబడి అమ్ముడుపోయే సరుకు ఇంకొకటి దొరకదు. ఆదివారం క్యూ ఉంటుంది, కార్తీక సోమవారం ఈగలు తోలుకుంటారు. కింద వచ్చే కిలోల అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. తేదీలు, తిథులు మాత్రం నిజమైనవి.

రోలింగ్ యావరేజ్ పెట్టుకున్నాం కదా, అది చాలదా?

చాలదు. ఎందుకో అంకెలతోనే చూద్దాం. ఒక బ్రాంచిలో మామూలు వారం ఇలా ఉందనుకుందాం: సోమవారం 60 కిలోలు, మంగళవారం 55, బుధవారం 90, గురువారం 75, శుక్రవారం 85, శనివారం 65, ఆదివారం 240. నాలుగు వారాలు అచ్చం ఇలాగే నడిచాయనుకోండి. 28 రోజుల సగటు దాదాపు 96 కిలోలు, స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 61. సగటుకు రెండు డీవియేషన్లు అటూ ఇటూ దాటితే అలర్ట్ అని పెట్టారనుకుంటే, పై గీత 218 దగ్గర పడుతుంది, కింది గీత మైనస్ 26 దగ్గర.

ఆదివారం 240 కాబట్టి ఏ తప్పూ లేకుండానే ప్రతి ఆదివారం అలర్ట్ వస్తుంది. కింది గీత సున్నా కంటే తక్కువ కాబట్టి, బుధవారం 90 అమ్మాల్సిన చోట 30 అమ్మినా అలర్ట్ రాదు. అసలు షట్టర్ ఎత్తకపోయినా రాదు. మనకు కావలసింది సరిగ్గా దీనికి ఉల్టా. మేనేజర్ రెండు మూడు ఆదివారాలు ఫోన్ చేసి అడుగుతాడు, ఆ తర్వాత అలర్ట్ మెసేజ్‌లు చూడటమే మానేస్తాడు.

గీతను మూడు డీవియేషన్లకు జరిపితే ఆదివారం గోల తగ్గుతుంది గానీ, కింది వైపు గుడ్డితనం ఇంకా పెరుగుతుంది. లోపం గీత ఎక్కడ గీశామన్న దాంట్లో లేదు. ఆదివారానికీ మంగళవారానికీ మధ్య సహజంగా ఉండే తేడాను ఈ పద్ధతి గందరగోళంగా లెక్కేసి, డీవియేషన్‌లో కలిపేసుకుంటోంది.

అయితే ఆదివారాన్ని ఆదివారంతోనే పోల్చాలా?

అవును, మొదటి మెట్టు అదే. దానితో పాటు ఇంకొక మార్పు కూడా చెయ్యాలి. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ బదులు మీడియన్, ఎంఏడీ వాడాలి. ఎంఏడీ అంటే ప్రతి విలువా మీడియన్ నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలకు మళ్లీ మీడియన్ తీయడం. దాన్ని 1.4826తో గుణిస్తే మామూలు స్టాండర్డ్ డీవియేషన్‌తో పోల్చదగిన కొలత వస్తుంది.

గత ఎనిమిది ఆదివారాలు ఇలా ఉన్నాయనుకోండి: 236, 248, 229, 251, 240, 118, 244, 238. ఆ 118 నాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. ఈ వారం 190 అమ్మారు. ఇది తేడానా, కాదా?

సగటుతో చూస్తే: సగటు 225.5, డీవియేషన్ 44. 190 దానికి 35 కిలోలే తక్కువ, అంటే ఒక డీవియేషన్ కూడా కాదు. అలర్ట్ రాదు. మీడియన్‌తో చూస్తే: మీడియన్ 239, ఎంఏడీ 7, 1.4826తో గుణిస్తే 10.4. 190 అనేది 49 కిలోలు తక్కువ, అంటే 4.7 రెట్లు. స్పష్టంగా అలర్ట్.

ఒక్క చెడ్డ రోజు సగటును కిందికి లాగి, డీవియేషన్‌ను ఉబ్బించి, తర్వాత వచ్చిన చెడ్డ రోజును దాచేసింది. పాత తప్పు కొత్త తప్పుకు ఇలా అడ్డం నిలబడటం అమ్మకాల డేటాలో చాలా మామూలు. నన్నడిగితే, పండగల జోలికి వెళ్లే ముందే ఈ ఒక్క మార్పు చేసుకోండి. కష్టం తక్కువ, ఫలితం ఎక్కువ.

ఒక జాగ్రత్త. ఎనిమిది విలువల నుంచి తీసిన ఎంఏడీ నిలకడగా ఉండదు. అందుకే వారానికి వారం మధ్య పోలికకు మీడియన్ ఏ రోజుకారోజే తీసినా, చెదురు ఎంత అన్నది మాత్రం అన్ని రోజుల మిగులు విలువలనూ, అంటే మీడియన్ తీసేశాక మిగిలినవాటిని, కలిపి ఒకేసారి కొలవడం మంచిది. అలా కలపాలంటే కిలోల్లో కాకుండా లాగ్‌లో పని చెయ్యాలి. ఆదివారం 24 కిలోలు తగ్గడం, సోమవారం 6 కిలోలు తగ్గడం రెండూ పది శాతమే. లాగ్ తీసుకుంటే రెండూ ఒకే కొలతలోకి వస్తాయి.

రూపాయల్లో చూడాలా, కిలోల్లో చూడాలా?

కిలోల్లోనే. బ్రాయిలర్ రేటు దాదాపు రోజూ మారుతుంది. రేటు ఇరవై శాతం పడి అమ్మకం పది శాతం పెరిగితే రూపాయల్లో తగ్గినట్టు కనిపిస్తుంది, కౌంటర్‌లో మాత్రం రద్దీ ఉంటుంది. బిల్లింగ్ మెషీన్‌లో బరువు లేకుండా మొత్తం మాత్రమే నమోదవుతుంటే, ముందు దాన్ని సరిచేయించుకోండి.

పోయిన ఏడాది ఇదే తేదీతో పోలిస్తే పండగల సంగతి తేలిపోదా?

సంక్రాంతి వరకైతే దాదాపు తేలిపోతుంది. అది సూర్యుడి లెక్క, జనవరి 14 లేదా 15న వస్తుంది. కనుమ నాడు, కొన్ని ఇళ్లల్లో ముక్కనుమ నాడు, మాంసం అమ్మకం పెరగడం ఏటా ఆ రెండు మూడు తేదీల చుట్టూనే ఉంటుంది.

మిగతావన్నీ చాంద్రమానం. 2023లో దీపావళి నవంబరు 12న వచ్చింది, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న. ప్రతిసారీ 354 రోజుల ఎడం. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి దీపావళి నవంబరు 8కి వెళ్తుంది, ఈసారి ఎడం 384 రోజులు. ఈ జరుగుడును 365 అనే అంకెతో ఏ మోడలూ పట్టుకోలేదు.

దీపావళి ఒక్క రోజే అయితే సర్దుకోవచ్చు. కానీ ఆ అమావాస్య దాటగానే కార్తీకం మొదలవుతుంది, నెల రోజులు చికెన్ కౌంటర్ నీరసపడుతుంది. 2024లో కార్తీకం నవంబరు 2 నుంచి డిసెంబరు 1 దాకా నడిచింది. 2025లో అక్టోబరు 22 నుంచి నవంబరు 20 దాకా.

వారం రోజు తప్పిపోకుండా సరిగ్గా 364 రోజులు వెనక్కి వెళ్లే చిట్కా చాలామంది వాడతారు. 2025 అక్టోబరు 26 ఆదివారాన్ని తీసుకోండి. దానికి 364 రోజుల ముందు 2024 అక్టోబరు 27, అదీ ఆదివారమే. కానీ ఇప్పటిది కార్తీకంలో పడ్డ ఆదివారం, అప్పటిది దీపావళికి ముందు ఆశ్వయుజంలో వచ్చిన మామూలు ఆదివారం. అన్ని బ్రాంచిల్లోనూ ఒకేసారి అమ్మకం కూలిపోయినట్టు కనిపిస్తుంది, అందరికీ టెన్షన్.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం దీనికి రెండో వైపు. 2025 నవంబరు 23 ఆదివారానికి కార్తీకం అయిపోయింది. దాన్ని పోల్చే 2024 నవంబరు 24 ఇంకా కార్తీకంలోనే ఉంది. ఆ రోజు బ్రాంచిలో నిజంగానే నాలుగో వంతు అమ్మకం పోయినా, పోయిన ఏడాది కంటే పెరిగినట్టే రిపోర్టు వస్తుంది. లేని సమస్యను చూపిస్తే ఎవరో ఒకరు వెళ్లి చూసి వస్తారు. ఉన్న సమస్యను దాచేస్తే ఎవరూ చూడరు.

మరి పండగలను సిస్టమ్‌కు ఎలా చెప్పాలి?

ఒక పట్టిక తయారు చేసుకోవాలి. ప్రతి తేదీకి ఒక ట్యాగ్, ట్యాగ్ లేకపోతే అది మామూలు రోజు. పంచాంగం ముందు పెట్టుకుని ఏడాదికి ఒకసారి కూర్చుంటే అయిపోయే పని. పండగ రోజుకే కాకుండా ముందు రోజుకీ, మర్నాటికీ విడివిడిగా ట్యాగ్ ఇవ్వాలి. `dasara-1`, `dasara`, `dasara+1` అన్నట్టు. తెలంగాణలో దసరాకు మాంసం కొనుగోలు ఒక్క రోజులో జరిగేది కాదు.

నెల మొత్తానికి ఒకే ట్యాగ్ ఇవ్వడం కుదరదు. కార్తీకంలో సోమవారం వేరు, ఆదివారం వేరు. సోమవారం ఉపవాసాలుంటాయి, అమ్మకం మూడో వంతుకు పడిపోవచ్చు. ఆదివారం పట్టింపు లేని ఇళ్లవాళ్లు వస్తారు కాబట్టి అంత పడదు. నేనైతే కార్తీకానికి మూడు ట్యాగ్‌లు పెడతాను: సోమవారం, ఆదివారం, మిగతా రోజులు. ఏడింటికి ఏడు పెడితే ఒక్కోదానికి ఏడాదికి నాలుగైదు రోజుల డేటాయే మిగులుతుంది.

శ్రావణం దగ్గర ఇంకో చిక్కుంది. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా ఉండి, నిజ శ్రావణం ఆ తర్వాత మొదలైంది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న, నిజ శ్రావణంలోనే చేసుకున్నారు. రెండింటికీ ఒకటే ట్యాగ్ ఇచ్చి లెక్క తీస్తే శ్రావణం ప్రభావం ఉన్నదానికంటే తక్కువగా తేలే అవకాశం ఉంది. వేరు వేరుగా రాసుకోండి.

పట్టిక ఊరిని బట్టి, కొన్నిసార్లు వీధిని బట్టి కూడా మారాలి. దసరా తెలంగాణ బ్రాంచిలకు పెద్దది, కనుమ కోస్తా బ్రాంచిలకు పెద్దది. ఆషాఢ ఆదివారాల్లో బోనాలు హైదరాబాదు, సికింద్రాబాదు పేటల్లో ఒక్కోచోట ఒక్కో వారం. రంజాన్ ఉపవాసాల నెల పాతబస్తీ బ్రాంచికి ఒకలా ఉంటుంది, కూకట్‌పల్లి బ్రాంచికి ఇంకోలా ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకునే కాలం కార్తీకంతో ఆగదు, సంక్రాంతి దాకా సాగుతుంది. మాలధారులు ఎక్కువగా ఉండే కాలనీలో కార్తీకం అయిపోయినా అమ్మకం పూర్తిగా కోలుకోకపోతే అందులో వింతేమీ లేదు.

కోడ్ చూపించగలరా?

పెద్దదేమీ కాదు. పట్టికలో `date`, `kg`, `tag` అనే మూడు కాలమ్‌లు ఉన్నాయనుకుందాం. మామూలు రోజుల్లో `tag` ఖాళీ.

```python
import numpy as np, pandas as pd

df = df.sort_values("date").reset_index(drop=True)
df["y"] = np.log(df["kg"])
df["dow"] = df["date"].dt.dayofweek
plain = df["tag"].isna()

level = (df["y"].where(plain)
         .rolling(56, min_periods=14).median().shift(1))
df["r1"] = df["y"] - level

dow = df[plain].groupby("dow")["r1"].median()
df["r2"] = df["r1"] - df["dow"].map(dow)

tag = df[~plain].groupby("tag")["r2"].median()
df["r"] = df["r2"] - df["tag"].map(tag).fillna(0)

mad = df.loc[plain, "r"].abs().median()
df["z"] = df["r"] / (1.4826 * mad)
```

మూడు పొరలు ఒకదాని తర్వాత ఒకటి ఒలుస్తున్నాం. మొదటిది మట్టం, అంటే గత ఎనిమిది వారాల మామూలు రోజుల మీడియన్. బ్రాంచి మెల్లగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఇది మోస్తుంది. పండగ రోజులను ఇందులోంచి తీసేశాం, లేకపోతే కార్తీకం చివరికి వచ్చేసరికి ఆ నీరసమే మామూలైపోతుంది. కార్తీకం నెలంతా ట్యాగ్ ఉంటుంది కాబట్టి 56 రోజుల్లో పాతిక మామూలు రోజులే మిగలొచ్చు. `min_periods` తక్కువగా పెట్టడం అందుకే. రెండోది వారం రోజు ప్రభావం, మూడోది ట్యాగ్ ప్రభావం. మిగిలిన `r` ఏ కారణమూ చెప్పలేని భాగం. దాన్ని చెదురుతో భాగిస్తే వచ్చే `z`యే జెడ్ స్కోర్, అలర్ట్ గీత దాని మీదే.

`shift(1)` మర్చిపోవద్దు. అది లేకపోతే ఈ రోజు అమ్మకమే ఈ రోజు అంచనాలో కలుస్తుంది. పాత డేటాను ఒకసారి పరిశీలించడానికి పై కోడ్ సరిపోతుంది. రోజూ నడిపేటప్పుడు మాత్రం `dow`, `tag`, `mad` మూడింటినీ నిన్నటి వరకు ఉన్న డేటా నుంచే తీయాలి. షాపు మూసిన రోజు `kg` సున్నా అవుతుంది, సున్నాకు లాగ్ లేదు. ఆ రోజులను ముందే పక్కకు తీసి, మూసివేత ముందుగా తెలిసినదేనా కాదా అన్నది విడిగా చూడండి.

ఇది ఒక నిజమైన వారంలో ఎలా పని చేస్తుంది?

2025 కార్తీకంలో ఒక వారం తీసుకుందాం. నవంబరు 9 ఆదివారం, 12 బుధవారం. బ్రాంచి మామూలు ఆదివారం 239 కిలోలు, మామూలు బుధవారం 90. గత రెండు కార్తీకాలు చూస్తే ఆదివారం 0.62 రెట్లు, ఇతర రోజులు 0.60 రెట్లు అని తేలిందనుకుందాం. మిగులు విలువల చెదురు లాగ్‌లో 0.11, అంటే ఇంచుమించు పదకొండు శాతం.

ఆదివారం అంచనా 148 కిలోలు. అమ్మింది 141. తేడా ఐదు శాతం లోపే, జెడ్ స్కోర్ మైనస్ 0.4. ఏమీ లేదు. మామూలు ఆదివారంతో పోల్చి ఉంటే 41 శాతం పతనం అని ఫోన్లు మోగేవి.

బుధవారం అంచనా 54. అమ్మింది 31. చూడటానికి ఇది చిన్న తేడా, 23 కిలోలే. కార్తీకం కదా అని ఎవరైనా వదిలేస్తారు. కానీ లాగ్‌లో ఇది మైనస్ 0.56, జెడ్ స్కోర్ మైనస్ 5. అలర్ట్ పడాల్సిందే. ఇలాంటివి పడినప్పుడు నేను మొదట చూసేది గంటల వారీ బిల్లులు. పొద్దున పదకొండు దాకా మామూలుగా ఉండి, ఆ తర్వాత ఒక్క బిల్లు కూడా లేకపోతే అమ్మకం ఆగలేదని అర్థం, బిల్లులు సర్వర్‌కు ఎక్కడం ఆగిపోయింది. రోజంతా సమానంగా పల్చబడితే అప్పుడు సరుకు, పక్కన తెరుచుకున్న కొత్త షాపు, రోడ్డు తవ్వకం లాంటివి అడగాలి.

పండగ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. రెండు మూడు విలువలతో ప్రభావం ఎలా నమ్మాలి?

ఈ పద్ధతిలో అసలైన బలహీనత ఇదే, దీన్ని దాచిపెట్టి లాభం లేదు. మూడేళ్ల డేటా ఉంటే `dasara` ట్యాగ్‌కు మూడే విలువలుంటాయి. వాటి మీడియన్ అంటే మధ్యలో ఉన్న ఒక్క ఏడాదే.

దీనికి రెండు పనులు చెయ్యొచ్చు. మొదటిది, ఒకేలాంటి బ్రాంచిలన్నింటి ప్రభావాన్ని కలిపి చూసి, ప్రతి బ్రాంచి సొంత విలువను ఆ గుంపు విలువ వైపు కొంత లాగడం. బ్రాంచికి n ఏళ్ల డేటా ఉంటే

```
effect = (n * branch + k * group) / (n + k)
```

k కు 3 లేదా 4 పెట్టి మొదలుపెట్టండి. రెండేళ్ల డేటా ఉన్న బ్రాంచి అప్పుడు సగానికి పైగా గుంపు మాటే వింటుంది. పదేళ్లది తన మాటే వింటుంది. లాగ్‌లో చెయ్యాలని మర్చిపోవద్దు.

రెండోది, పండగ రోజుల్లో గీతను వెడల్పు చెయ్యడం. మామూలు రోజు 3.5 దగ్గర అలర్ట్ పెడితే దసరా నాడు 5 దగ్గర పెట్టండి. అంచనా మీదే నమ్మకం తక్కువున్నప్పుడు ఖచ్చితంగా మాట్లాడకూడదు.

ఇంకొకటి: పండగ ఏ వారం పడిందన్నది. 2023 దీపావళి ఆదివారం పడింది, 2024లో గురువారం, 2025లో సోమవారం. లాగ్‌లో పని చేస్తున్నాం కాబట్టి ఆదివారం రెట్టింపూ దీపావళి తగ్గుదలా గుణించుకుని ఒక అంచనా వస్తుంది. అది సరిగ్గా ఉంటుందని హామీ లేదు. ఆదివారం దీపావళి ఒక్కటే ఉన్నప్పుడు దాని నుంచి మరీ పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు.

దసరా నాడు అలర్ట్ రాలేదు గానీ సరుకు పదకొండింటికే అయిపోయింది. అది తేడా కాదా?

తేడానే, కానీ అమ్మకాల డేటాలో అది కనిపించదు. డేటాలో ఉన్నది అమ్మింది, అడిగింది కాదు. సరుకు అయిపోయిన గంటను రోజూ నమోదు చేయించండి. అలాంటి రోజు విలువను ట్యాగ్ ప్రభావం లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే వచ్చే ఏడాది అంచనా తక్కువగా వస్తుంది, సరుకు మళ్లీ తక్కువ తెప్పిస్తారు, మళ్లీ పదకొండింటికే అయిపోతుంది. అలర్ట్ మాత్రం ఎప్పటికీ రాదు.

2025 దసరా అక్టోబరు 2న పడింది కదా, గాంధీ జయంతి నాడు. దాన్ని ఎలా చూడాలి?

మంచి ఉదాహరణ. హైదరాబాదులో గాంధీ జయంతి నాడు మాంసం దుకాణాలు మూసి ఉంచాలి. ఏడాదిలోకెల్లా పెద్ద అమ్మకం రోజు, మూసి ఉండాల్సిన రోజు ఒక్కటైపోయాయి. పాత దసరాల నుంచి నేర్చుకున్న ప్రభావాన్ని అలాగే వదిలేస్తే అక్టోబరు 2కు భారీ అంచనా, దాని పక్కన సున్నా. అక్టోబరు 1న పాత `dasara-1` కంటే అమ్మకం బాగా ఎక్కువై పై వైపు అలర్ట్ వస్తుంది.

ఆ ఏడాది మూడు రోజులకూ వేరే పేర్లతో ట్యాగ్ ఇవ్వాలి, వాటిని మామూలు దసరా ప్రభావంలో కలపకూడదు. ఆ రోజుల విషయంలో సిస్టమ్ దగ్గర చరిత్ర లేదు కాబట్టి అలర్ట్ ఆపేసి, మూడు రోజులూ కలిపిన మొత్తాన్ని పాత దసరా మూడు రోజుల మొత్తంతో మనిషే పోల్చి చూడటం మేలు. ఇలాంటి కలయికలు పంచాంగమూ సెలవుల జాబితా పక్కపక్కన పెట్టుకుంటే నెలల ముందే కనిపిస్తాయి.

బర్డ్ ఫ్లూ లాంటిది వస్తే ఈ పద్ధతి ఏం చేస్తుంది?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దుల్లో ఆపారు, జనం చికెన్ కొనడానికి వెనకాడారు. అప్పుడు పట్టికలో ఏ పండగా లేదు కాబట్టి సిస్టమ్ మొదటి రోజుల్లోనే అన్ని బ్రాంచిలకూ అలర్ట్ ఇస్తుంది, ఇవ్వాలి కూడా. అన్ని బ్రాంచిలూ ఒకేసారి పడితే కారణం బయట ఉందని, ఒక్కటే పడితే లోపల ఉందని మొదటి గుర్తు.

కష్టం తర్వాత మొదలవుతుంది. 56 రోజుల మీడియన్ ఒకటి రెండు వారాలు కదలదు. సగానికి పైగా రోజులు దెబ్బతిన్నవే అయ్యాక, అంటే నాలుగు వారాలు దాటాక, కిందికి జారిపోతుంది. అప్పటి నుంచి పడిపోయిన అమ్మకమే మామూలు అనిపించి అలర్ట్‌లు ఆగిపోతాయి. ఏమీ కోలుకోలేదు, సిస్టమ్ అలవాటు పడింది, అంతే. ఆ తర్వాత జనం నిజంగా తిరిగి వచ్చినప్పుడు పై వైపు అలర్ట్‌లు వరస కడతాయి. ఆ ఏడాది మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి కూడా. జారిపోయిన మీడియన్ మీద రంజాన్ ప్రభావం లెక్క తీస్తే పాతబస్తీ బ్రాంచికి ఆ ట్యాగ్ పనికిరాకుండా పోతుంది.

అందుకే కారణం తెలిసిన రోజున ఒక మనిషి `shock` అని ట్యాగ్ పెట్టాలి, కోలుకునే దాకా కొనసాగించాలి. పై కోడ్‌లో ట్యాగ్ ఉన్న రోజులు మీడియన్‌లోకి వెళ్లవు కాబట్టి మట్టం గడ్డకట్టినట్టు అక్కడే నిలబడుతుంది. ఒక్కటి గమనించండి: `shock` ప్రభావాన్ని మూడో పొరలో తీసెయ్యకూడదు, ఎందుకంటే ఎంత పోయిందో మనం చూడాలనుకుంటున్నాం. ఆ ట్యాగ్‌కు `tag` విలువ సున్నాగా ఉంచండి. ఆరు వారాలు దాటితే మాత్రం 56 రోజుల కిటికీలో `min_periods` అడిగే 14 మామూలు రోజులు కూడా మిగలవు, `level` ఖాళీ అయిపోతుంది. అప్పుడు చివరి మంచి మట్టాన్ని చేత్తో రాసి పెట్టాలి.

ఇంతకంటే నెమ్మదిగా వచ్చే దెబ్బలు కూడా ఉంటాయి. రోజుకు పది పన్నెండు శాతం తక్కువ, ఏ ఒక్క రోజూ 3.5 దాటదు. వాటికి వేరే సూత్రం పెట్టుకోవాలి. ఏడు రోజుల్లో ఐదు రోజులు జెడ్ స్కోర్ మైనస్ 1 కంటే కింద ఉంటే ఒక అలర్ట్ అనేది నాకు బాగా నచ్చిన సూత్రం. పక్క వీధిలో కొత్త షాపు తెరిస్తే మొదట పట్టేది ఇదే.

రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి కదా, అవి వాడకూడదా?

వాడొచ్చు. ఎస్‌టీఎల్ అనే పద్ధతి `statsmodels`లో ఉంది. `STL(y, period=7, robust=True)` వారం ఆకారాన్ని చక్కగా విడదీస్తుంది. దానికి పండగ సంగతి తెలియదు, కార్తీకాన్ని తీసుకెళ్లి ట్రెండ్‌లో కలిపేస్తుంది. `period=365` ఇచ్చినా తిథి జరుగుడు అలాగే ఉంటుంది. పైగా అది మధ్య రోజులను రెండు వైపులా చూసి లెక్కేస్తుంది కాబట్టి నిన్న రాత్రి విలువ మీద, అంటే మనకు అవసరమైన చోటే, కాస్త బలహీనం.

ప్రాఫెట్‌లో `holidays` పట్టిక ఇవ్వొచ్చు, `lower_window`, `upper_window`తో ముందు వెనక రోజులు కూడా చెప్పొచ్చు. ఆ పట్టిక మాత్రం మీరే రాసుకోండి. దేశం మొత్తానికి ఇచ్చిన సెలవుల జాబితాలో కార్తీక సోమవారాలు, బోనాలు, ముక్కనుమ దొరకవు. మన సరుకుకు అవే ముఖ్యం. లైబ్రరీ ఏదైనా అసలు పని ఆ పట్టికలోనే ఉంది.

గీత 3.5 దగ్గరే ఎందుకు? మార్చుకోవచ్చా?

మార్చుకోవాలి. 3.5 మొదలుపెట్టడానికి అంతే. ముందు మేనేజర్‌ను అడగండి, వారానికి ఎన్ని అలర్ట్‌లు నిజంగా చూడగలరని. ఐదు బ్రాంచిలకు కలిపి మూడు అంటే, గత ఏడాది డేటా మీద నడిపి వారానికి సుమారు మూడు వచ్చేలా గీత జరపండి.

తర్వాత పట్టే శక్తిని పరీక్షించండి. పాత డేటాలో ఏ గొడవా లేని రోజులు కొన్ని యాదృచ్ఛికంగా తీసుకుని, వాటి కిలోలను 40 శాతం తగ్గించి, సిస్టమ్ ఎన్నింటిని పట్టిందో లెక్కపెట్టండి. మామూలు రోజులకూ ట్యాగ్ ఉన్న రోజులకూ విడివిడిగా చెయ్యండి. ట్యాగ్ రోజుల్లో సగం కూడా పట్టకపోతే, పండగల వేళ ఈ సిస్టమ్ మీద ఆధారపడొద్దని అందరికీ ముందే చెప్పాలి, ఆ రోజుల్లో మనిషిని కూర్చోబెట్టాలి.

కొత్త బ్రాంచికి చరిత్రే లేదు. ఏం చెయ్యాలి?

మొదటి నాలుగు వారాలు అలర్ట్ పెట్టకండి. ఆ తర్వాత మట్టం ఆ బ్రాంచిదే తీసుకుని, వారం రోజుల ఆకారం, పండగల ప్రభావం రెండూ దాని పేటను పోలిన పాత బ్రాంచి నుంచి అరువు తెచ్చుకోండి. దగ్గరలో ఉన్న బ్రాంచి కంటే, అలాంటి జనం వచ్చే బ్రాంచి మంచి పోలిక. మూడు నెలలకు వారం ఆకారం దాని సొంతం వాడొచ్చు. పండగల ప్రభావానికి పై సూత్రంలో n సున్నాతో మొదలై ఏటా ఒకటి చొప్పున పెరుగుతుంది. కొత్త బ్రాంచి సరిగ్గా కార్తీకంలో తెరిచి ఉంటే మాత్రం ఆ నెల కిలోలను మట్టంగా తీసుకోవద్దు. మార్గశిరం నుంచి లెక్క మొదలుపెట్టండి.